రాజు, రాణి, ఇస్పేటు: పరస్పర వివర్జిత ఘటనలు వేరు, స్వతంత్ర ఘటనలు వేరు

సంభావ్యత పరీక్షల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. "A, B లు పరస్పర వివర్జిత ఘటనలు. రెండింటి సంభావ్యతా సున్న కాదు. అయితే అవి స్వతంత్ర ఘటనలేనా?" చాలామంది రెండో ఆలోచన లేకుండా 'అవును' మీద టిక్ పెట్టేస్తారు. సరైన జవాబు 'కావు'. ఈసారికి కావు అని కాదు, ఎప్పటికీ కాలేవు.

ఈ తప్పు చేసేవాళ్లకు సూత్రాలు రాకపోవడం లేదు. వివర్జిత ఘటనలైతే P(A ∪ B) = P(A) + P(B) అనీ, స్వతంత్ర ఘటనలైతే P(A ∩ B) = P(A) × P(B) అనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చిక్కంతా మనసులో ముద్రపడిన బొమ్మతో వస్తుంది. వివర్జిత ఘటనలను నేర్పేటప్పుడు బోర్డు మీద ఒకదానికొకటి తగలని రెండు వృత్తాలు గీస్తారు. ఆ బొమ్మను చూడగానే 'ఇది అక్కడ, అది ఇక్కడ, దేని దారి దానిది' అనిపిస్తుంది. తర్వాతి పాఠంలో 'ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద లేకపోతే స్వతంత్రం' అని వినగానే ఆ విడివిడి వృత్తాలే గుర్తొస్తాయి. అక్కడే రెండు భావనలూ కలిసిపోతాయి. నిజానికి ఆ రెండు వృత్తాల మధ్య చాలా గట్టి ప్రభావం ఉంటుంది. ఎందుకో ఒక పేకకట్టతోనే చూద్దాం.

జోకర్లు తీసేసిన కట్ట, 52 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, ఒక్కోదానిలో 13 ముక్కలు. కట్టను బాగా కలిపి ఒక్క ముక్క తీశాం. ఇంకా తిప్పి చూడలేదు. అది రాజు కావడానికి సంభావ్యత 4/52, అంటే 1/13. రాణి కావడానికీ అంతే.

ఒకే ముక్క రాజూ రాణీ రెండూ కాలేదు కాబట్టి ఈ రెండు ఘటనలు పరస్పర వివర్జితాలు. ఇప్పుడు పక్కనున్నవాళ్లు ఆ ముక్కను తొంగిచూసి 'ఇది రాణి' అని మాత్రం చెప్పారనుకోండి. అది రాజు అయ్యే సంభావ్యత ఇప్పుడెంత? సున్న. ఒక్క మాటతో 1/13 కాస్తా సున్న అయిపోయింది. రాణి వచ్చిందన్న సమాచారం రాజుకు ఉన్న అవకాశాన్ని పూర్తిగా తుడిచిపెట్టింది. వీటి మధ్య ప్రభావం లేదని ఎలా అనగలం?

అదే ముక్క, ఇంకో జంట: 'రాజు', 'ఇస్పేటు'. ఈసారి తొంగిచూసినవాళ్లు 'ఇది ఇస్పేటు' అన్నారు. ఇస్పేట్లు 13, వాటిలో రాజు ఒక్కటే. అంటే రాజు అయ్యే సంభావ్యత 1/13. సమాచారం రాకముందూ 1/13, వచ్చాకా 1/13. 'ఇస్పేటు కాదు' అని చెప్పినా ఇదే జరుగుతుంది. మిగిలిన 39 ముక్కల్లో రాజులు మూడు, 3/39 అంటే మళ్లీ 1/13. ఇస్పేటా కాదా అన్న సంగతి తెలిసినా రాజు గురించి మనకు కొత్తగా ఏమీ తెలియలేదు. స్వతంత్రం అంటే ఇదే. 18వ శతాబ్దంలో అబ్రహాం డి మోయ్వర్ స్వతంత్ర ఘటనలను దాదాపు ఇలాగే వివరించాడు: ఒకటి జరగడం రెండోది జరగడానికి తోడ్పడదు, అడ్డూ పడదు. రాజుకు రాణి పూర్తిగా అడ్డు. రాజుకు ఇస్పేటు తోడూ కాదు, అడ్డూ కాదు.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చూడాలి. రాజు, ఇస్పేటు అనే స్వతంత్ర ఘటనలు రెండూ ఒకేసారి జరగగలవు. ఇస్పేటు రాజు వస్తే రెండూ జరిగినట్టే. అంతేకాదు, స్వతంత్రం కావాలంటే ఆ ఉమ్మడి భాగం ఉండి తీరాలి, అదీ సరిగ్గా ఒక నిర్ణీత కొలతలో: 1/13 × 1/4 = 1/52. కట్టలో ఉన్న ఒకే ఒక్క ఇస్పేటు రాజు సంభావ్యత సరిగ్గా అదే. వివర్జితమైతే ఉమ్మడి భాగం సున్న కావాలి, స్వతంత్రమైతే ఆ రెండు సంభావ్యతల లబ్ధం కావాలి. రెండు సంభావ్యతలూ సున్నకంటే ఎక్కువైతే వాటి లబ్ధం కూడా సున్నకంటే ఎక్కువే. ఒకే ఉమ్మడి భాగం ఒకేసారి సున్నా, సున్నకంటే ఎక్కువా కాలేదు. మొదట్లో చెప్పిన ప్రశ్నకు నిరూపణ ఇంతే, పరీక్షలో రెండు లైన్లలో రాసేయొచ్చు.

ఆ ప్రశ్నలో 'రెండింటి సంభావ్యతా సున్న కాదు' అన్న మాటను చదవకుండా దాటేయొద్దు. ఒక ఘటన సంభావ్యతే సున్న అయితే లబ్ధమూ సున్న, ఉమ్మడి భాగమూ సున్న, స్వతంత్రం అన్న షరతు తీరిపోతుంది. మామూలు పాచికలో 7 పడటం, సరిసంఖ్య పడటం ఇలాంటి జంట. అవి వివర్జితాలూ అవుతాయి, స్వతంత్రాలూ అవుతాయి. 'ఎప్పుడూ', 'ఎన్నటికీ' వంటి మాటలున్న ఒప్పు-తప్పు ప్రశ్నల్లో చాలాసార్లు ఈ మినహాయింపు మీదే జవాబు ఆధారపడుతుంది.

మరో అపోహ: వివర్జితం కాకపోతే స్వతంత్రమే అనుకోవడం. ప్రతి జంటా ఈ రెండు గదుల్లో ఏదో ఒక దానిలో పడాలని రూలేమీ లేదు. అదే కట్టలో 'రాజు', 'బొమ్మ ముక్క' అనే జంట తీసుకోండి. బొమ్మ ముక్కలంటే జాకీ, రాణి, రాజు, మొత్తం 12. బొమ్మ ముక్క వచ్చిందని తెలిస్తే రాజు అయ్యే సంభావ్యత 4/12, అంటే 1/13 నుంచి 1/3కు ఎగబాకింది. కాబట్టి స్వతంత్రం కాదు. రెండూ కలిసి జరుగుతాయి కాబట్టి వివర్జితమూ కాదు. లెక్కల్లో ఎదురయ్యే జంటల్లో చాలావరకు ఈ కోవకు చెందినవే.

ఇప్పుడు కట్టలోకి ఒక్క జోకర్‌ను వేద్దాం. మొత్తం 53 ముక్కలు. రాజు, రాణి ఇంకా వివర్జితాలే. జోకర్ వచ్చినంత మాత్రాన ఒకే ముక్క రాజూ రాణీ అయిపోదు. మరి రాజు, ఇస్పేటు? జోకర్‌ను ఏ రంగులోనూ లెక్కించకపోతే రాజు సంభావ్యత 4/53. ఇస్పేటు అని తెలిశాక మాత్రం 1/13, అంటే 4/52. ఈ రెండూ సమానం కావు. లబ్ధంతో చూసినా అదే తేలుతుంది: 4/53 × 13/53 = 52/2809, ఇస్పేటు రాజు సంభావ్యత 1/53 = 53/2809. తేడా 2809లో ఒక వంతు, అయినా తేడా తేడాయే. ఒక్క జోకర్ చేరగానే స్వతంత్రం పోయింది. కట్టలోంచి ఒక ముక్క ఎక్కడో పడిపోయి 51 మిగిలినా పోతుంది.

ఈ రెండు భావనల స్వభావంలో ఉన్న అసలు తేడా నాకు ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. రెండు ఘటనలు వివర్జితాలా కాదా తేల్చడానికి అంకెలతో పని లేదు. వాటికి ఉమ్మడి ఫలితం ఉందా లేదా అని జాబితా చూస్తే చాలు. స్వతంత్రమా కాదా అన్నది మాత్రం జాబితాను బట్టి కాదు, ఆ జాబితాలోని ఫలితాలకు మనం ఇచ్చిన సంభావ్యతలను బట్టి తేలుతుంది. అందుకే వెన్ చిత్రంలో వివర్జితం కంటికి కనిపిస్తుంది, స్వతంత్రం కనిపించదు. ఒకదానిమీద ఒకటి ఎక్కిన రెండు వృత్తాలు చూసి ఇవి స్వతంత్రాలని ఎవరూ చెప్పలేరు. మూడు సంభావ్యతలూ లెక్కగట్టి, గుణించి, పోల్చి చూడాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఈ ఉదాహరణలోనే ఉంది. స్వతంత్రం అనగానే రెండు నాణేలో రెండు పాచికలో, అంటే రెండు వేరువేరు ప్రయోగాలు ఉండాలని కొందరు అనుకుంటారు. రాజు, ఇస్పేటు ఒకే ముక్కకు చెందిన రెండు లక్షణాలు. ప్రయోగం ఒక్కటే, అయినా ఘటనలు స్వతంత్రాలు.

ఇక పరీక్షల్లో తరచూ కనిపించే లెక్క. P(A) = 0.4, P(A ∪ B) = 0.7, P(B) = p. (i) A, B లు వివర్జితాలైతే, (ii) స్వతంత్రాలైతే p ఎంత? ఒకే లెక్కలో రెండు భాగాలు ఎందుకు అడుగుతారంటే, రెండింటి తేడా తెలిసిందా లేదా అని చూడటానికే.

రెండింటికీ మొదలు ఒకటే. సంకలన సిద్ధాంతం ఏ రెండు ఘటనలకైనా వర్తిస్తుంది:

P(A ∪ B) = P(A) + P(B) − P(A ∩ B)

అంటే 0.7 = 0.4 + p − P(A ∩ B). దీన్నుంచి P(A ∩ B) = p − 0.3. ఇంతవరకు ఏ షరతూ వాడలేదు. వివర్జితాలైతే ఎడమవైపు సున్న, కాబట్టి p = 0.3. స్వతంత్రాలైతే ఎడమవైపు 0.4p, కాబట్టి 0.4p = p − 0.3, అంటే 0.6p = 0.3, p = 0.5. ప్రశ్నపత్రం వరకు లెక్క ఇక్కడితో అయిపోయింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ఇంకో రెండు నిమిషాలు దీనితోనే ఉంటే ఈ గందరగోళం మళ్లీ రాదని నా నమ్మకం.

ఏ షరతూ ఇవ్వకపోతే p ఎంతైనా కావచ్చా? కాదు. ఉమ్మడి భాగం p − 0.3 రుణాత్మకం కాలేదు, కాబట్టి p కనీసం 0.3. అది A కంటే పెద్దదీ కాలేదు, అంటే 0.4 దాటదు, కాబట్టి p గరిష్ఠంగా 0.7. ఇప్పుడు p ను 0.3 నుంచి 0.7 దాకా మెల్లగా జరుపుతూ వెళ్దాం. A జరిగిందని తెలిస్తే B జరిగే సంభావ్యత, అంటే P(B | A), ఉమ్మడి భాగాన్ని 0.4తో భాగిస్తే వస్తుంది: (p − 0.3)/0.4.

p = 0.3 దగ్గర ఇది సున్న. A జరిగితే B జరిగే దారే లేదు. p = 0.4 అయితే 0.25 వస్తుంది. B సంభావ్యత మామూలుగా 0.4 ఉండాల్సింది, A జరిగిందని తెలియగానే 0.25కు పడిపోయింది. అంటే పూర్తి అడ్డు కాకపోయినా కొంత అడ్డు ఉంది. p = 0.5 దగ్గర సరిగ్గా 0.5 వస్తుంది. A గురించి తెలిసినా తెలియకపోయినా B సంభావ్యత ఒకటే. p = 0.6 అయితే 0.75, అంటే ఇప్పుడు A తోడ్పడుతోంది. p = 0.7 అయితే 1. A జరిగితే B జరిగి తీరాల్సిందే, ఎందుకంటే A మొత్తం B లోపలే ఉంది.

అడ్డు నుంచి తోడు దాకా సాగే ఈ దారిలో వివర్జితం ఒక చివర ఉంది. ఒకటి రెండోదానిలో పూర్తిగా ఇమిడిపోవడం ఇంకో చివర ఉంది. స్వతంత్రం నడుమ ఒకే ఒక్క బిందువు. అడ్డు తగ్గుతూ తగ్గుతూ పోయి, తోడు ఇంకా మొదలుకాని చోటు అది. వివర్జితం, స్వతంత్రం పక్కపక్కన ఉండే భావనలు కానే కావు. ఈ లెక్కలో వాటికి వచ్చిన 0.3, 0.5 అనే వేరువేరు జవాబులు ఆ దూరాన్నే చెబుతున్నాయి.

రెండు సంభావ్యతలూ పెద్దవైతే వివర్జితం అన్న చివరకు చేరడమే కుదరదు. P(A) = 0.7, P(B) = 0.6 అనుకోండి. కూడితే 1.3. కలయిక 1 దాటకూడదు కాబట్టి ఉమ్మడి భాగం కనీసం 0.3 ఉండి తీరాలి. ఇలాంటి అంకెలిచ్చి 'A, B లు పరస్పర వివర్జితాలు కావచ్చా' అని అడిగితే మొత్తం 1 దాటిందా అని చూస్తే చాలు, జవాబు దొరుకుతుంది. స్వతంత్రానికి మాత్రం ఈ అంకెలు అడ్డు కావు. ఉమ్మడి భాగం 0.42 అయితే సరిపోతుంది.

ఇదే పరీక్ష ఇంకో రకం లెక్కలో తప్పును పట్టిస్తుంది. ఇద్దరు విద్యార్థులకు ఒక లెక్క ఇచ్చారు. మొదటివాళ్లు సాధించే సంభావ్యత 1/2, రెండోవాళ్లు సాధించే సంభావ్యత 2/3, ఇద్దరూ ఒకరితో ఒకరు సంబంధం లేకుండా ప్రయత్నిస్తారు. లెక్క సాధించబడే సంభావ్యత ఎంత? 'ఇద్దరిలో కనీసం ఒకరు' అనగానే కూడిక చేసేస్తే 7/6 వస్తుంది. 1 దాటిన సంభావ్యత ఉండదు కాబట్టి తప్పు అక్కడే తెలిసిపోతుంది. అసలు ప్రమాదం అంకెలు చిన్నవైనప్పుడు. 1/2 బదులు 1/4, 2/3 బదులు 1/3 ఇచ్చి ఉంటే కూడిక 7/12 ఇస్తుంది, చూడటానికి సరైన జవాబులాగే ఉంటుంది, ఆప్షన్లలో కూడా తరచూ పెట్టి ఉంచుతారు. తప్పు మాత్రం అదే: ఇద్దరూ సాధించే వీలుంది కాబట్టి ఆ ఉమ్మడి భాగాన్ని రెండుసార్లు లెక్కపెట్టాం.

సరైన దారి ఎవరూ సాధించని సంభావ్యతను 1 నుంచి తీసేయడం. మొదటివాళ్లు సాధించకపోవడం 1/2, రెండోవాళ్లు సాధించకపోవడం 1/3. గుణిస్తే 1/6. కాబట్టి జవాబు 5/6. ఇక్కడ 'సాధించకపోవడం' అనే రెండు ఘటనలను మనం గుణించామని గమనించండి. A, B లు స్వతంత్రాలైతే వాటి పూరకాలు కూడా స్వతంత్రాలే, అందుకే ఆ గుణకారం చెల్లింది. వివర్జితానికి ఈ గుణం లేదు. రాజు, రాణి వివర్జితాలే కానీ 'రాజు కాకపోవడం', 'రాణి కాకపోవడం' వివర్జితాలు కావు. ఇస్పేటు ఏడు వస్తే రెండూ జరిగినట్టే.

అదే లెక్కలో 'సరిగ్గా ఒక్కరే సాధించే సంభావ్యత' అడిగితే రెండు భావనలూ ఒకే లైన్లో పనిచేస్తాయి. మొదటివాళ్లు సాధించి రెండోవాళ్లు సాధించకపోవడం ఒక దారి, మొదటివాళ్లు సాధించక రెండోవాళ్లు సాధించడం ఇంకో దారి.

(1/2 × 1/3) + (1/2 × 2/3) = 1/6 + 1/3 = 1/2

బ్రాకెట్ల లోపల గుణించాం, ఎందుకంటే ఇద్దరి ప్రయత్నాలు స్వతంత్రాలు. బ్రాకెట్ల మధ్య కూడాం, ఎందుకంటే ఆ రెండు దారులూ ఒకేసారి జరగలేవు, అవి వివర్జితాలు. విద్యార్థి ఇక్కడ గుణకారం గుర్తు పెట్టిన ప్రతిచోటా 'ఇవి స్వతంత్రాలని నాకెలా తెలుసు' అనీ, కూడిక గుర్తు పెట్టినచోట 'ఇవి రెండూ కలిసి జరగవని నాకెలా తెలుసు' అనీ పక్కన ఒక మాట రాసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మొదటి ప్రశ్నకు జవాబు ప్రశ్నపత్రంలోనే ఉంటుంది, లేదా లెక్కగట్టి తేల్చుకోవాలి. రెండోదానికి జవాబు ఘటనలను చూస్తేనే తెలుస్తుంది.

మొదటి ప్రశ్న ఎందుకు వదలకూడదో పేకకట్టే చూపిస్తుంది. ముక్క తీసి తిరిగి కట్టలో పెట్టకుండా రెండోది తీస్తే, మొదటిది రాజు కావడం, రెండోది రాజు కావడం స్వతంత్రాలు కావు. రెండూ రాజులయ్యే సంభావ్యత 4/52 × 4/52 కాదు, 4/52 × 3/51, అంటే 1/221. రెండూ కలిసి జరగవచ్చు కాబట్టి వివర్జితాలూ కావు. మొదటి ముక్కను తిరిగి పెట్టి, మళ్లీ బాగా కలిపి తీస్తే స్వతంత్రం వస్తుంది, సంభావ్యత 1/169 అవుతుంది. అలాంటి లెక్కల్లో 'తిరిగి ఉంచకుండా' అన్న రెండు మాటల కింద ముందే ఒక గీత గీసుకుని, ఆ తర్వాతే పెన్ను లెక్క మీద పెట్టండి.